‘కమ్యూనికేషన్’ అనే గడి: టెస్టర్ల ఇంటర్వ్యూ స్కోర్‌కార్డ్ మీద ఒక సమీక్ష

సాఫ్ట్‌వేర్ టెస్టర్లను ఎంపిక చేసే ఇంటర్వ్యూ ఫారాలు చాలా చోట్ల ఒకేలా ఉంటాయి. టెక్నికల్ అని ఒక గడి, కమ్యూనికేషన్ అని ఒకటి, యాటిట్యూడ్ అని మరొకటి, కింద ఓవరాల్. పదికి ఎన్నో వేసి, ఒక ముక్క రాసి హెచ్‌ఆర్‌కి పంపేస్తాం. హైదరాబాద్‌లో ప్యానెల్‌లో కూర్చుని నేను అలాంటివి కొన్ని వందలు నింపాను. ఒకసారి ఏదో పని పడి నా పాత ఫారాలు నేనే తిరగేయాల్సి వచ్చింది. ‘కాన్ఫిడెంట్, గుడ్ కమ్యూనికేషన్’ అని కొన్ని, ‘కమ్యూనికేషన్ ఇంప్రూవ్ కావాలి’ అని కొన్ని. ఎదుట కూర్చున్న మనిషి ఏ బగ్ పట్టాడు, ఎలా పట్టాడు, పట్టినదాన్ని ఎలా రాశాడు అన్నది ఒక్క ఫారంలోనూ లేదు. ఒకరికి 8 ఎందుకు వేశానో, ఇంకొకరికి 5 ఎందుకు వేశానో చదివితే నాకే తెలియలేదు.

స్కోర్‌కార్డ్ గురించి వచ్చే సలహాల్లో ఎక్కువ భాగం గడులు పెంచమనో, వాటికి వెయిటేజీ ఇవ్వమనో చెబుతాయి. గడులు ఎన్ని ఉన్నా, అందులో అంకె వేయడానికి ఏ ఆధారం చూడాలో రాసి లేకపోతే ఆ ఖాళీని మన మొగ్గే నింపుతుంది. టెస్టర్ల విషయంలో ఆ మొగ్గు ఎక్కువగా దాక్కునే చోటు కమ్యూనికేషన్ గడి. ఇంగ్లీషు యాస, చదివిన కాలేజీ, ఊరు, ఇంట్లో మాట్లాడే తీరు అన్నీ ఆ ఒక్క అంకెలోకి వచ్చి కూర్చుంటాయి. వాటికి వేరే పేరు పెట్టాల్సిన అవసరం కూడా ఉండదు.

పరిశోధన ఎంతవరకు చెబుతుంది

ఈ విషయం మీద వందేళ్లుగా పని జరుగుతోంది. ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1920లో సైన్యంలో పై అధికారులు తమ కింది వాళ్లకు వేసిన మార్కులు పరిశీలించాడు. శరీర దారుఢ్యం, తెలివి, నాయకత్వం, నడవడిక అని వేర్వేరు గడులు ఉన్నా మార్కులన్నీ ఒకదాని వెంట ఒకటి నడిచాయి. మంచివాడు అనుకుంటే అన్నీ ఎక్కువ, కాదనుకుంటే అన్నీ తక్కువ. దీనికి ఆయన పెట్టిన పేరే హేలో. దేవుడి పటంలో తల వెనక కనిపించే కాంతివలయం లాంటిది, ముఖం మీద వెలుగు పడితే మచ్చలు కనపడవు.

ముప్పై అయిదేళ్ల తర్వాత ఇజ్రాయెల్ సైన్యంలో 21 ఏళ్ల కుర్ర లెఫ్టినెంట్ డేనియల్ కానెమన్‌కు కొత్తగా చేరేవాళ్ల ఇంటర్వ్యూ పద్ధతిని బాగుచేసే పని అప్పగించారు. అప్పటిదాకా ఇంటర్వ్యూ చేసేవాళ్లు కాసేపు మాట్లాడి, ఈ మనిషి పనికొస్తాడా లేదా అని మొత్తం మీద ఒక అంచనా వేసేవారు. ఆ అంచనాలకీ తర్వాతి పనితీరుకీ పొంతన దాదాపు లేదు. కానెమన్ ఆరు లక్షణాలు ఎంచి, ఒక్కోదానికి వాస్తవాలు అడిగే ప్రశ్నలు రాసి, ఒకటి పూర్తయ్యాక దానికి మార్కు వేసి, ఆ తర్వాతే రెండోదానికి వెళ్లమన్నాడు. మమ్మల్ని మరబొమ్మల్ని చేస్తున్నావని వాళ్లు గొడవపడ్డారు. సరే, అన్నీ అయ్యాక కళ్లు మూసుకుని, ఇతను సైనికుడిగా ఎలా ఉంటాడో ఊహించుకుని ఒక అంకె వేయండి అని చివర ఒక గడి కలిపాడు. కొన్ని నెలల తర్వాత చూస్తే ఆరు మార్కుల మొత్తం పాత పద్ధతి కంటే చాలా మెరుగ్గా నిలిచింది. ఆశ్చర్యం ఏమిటంటే కళ్లు మూసుకుని వేసిన అంకె కూడా దాంతో సమానంగా నిలిచింది. మనసుకు తోచినదానికి విలువ ఉంది, కాకపోతే ఆధారాలన్నీ విడివిడిగా చూశాకే అది నోరు తెరవాలి. స్కోర్‌కార్డ్ కట్టేవాళ్లు చాలామంది ఈ చివరి ముక్క మర్చిపోతారు. మనసు మాటను పూర్తిగా కొట్టేస్తే ప్యానెల్ వాళ్లు దాన్ని దొంగచాటుగా వేరే గడిలోకి తెచ్చి పెడతారు.

పాల్ సాకెట్, ఆయన సహచరులు 2022లో పాత అధ్యయనాలన్నిటినీ మళ్లీ లెక్కకట్టారు. ఎంపిక పద్ధతికీ తర్వాతి పనితీరుకీ ఉన్న సంబంధాన్ని సున్నా నుంచి ఒకటి దాకా కొలిస్తే, ఒకే ప్రశ్నలు, ఒకే కొలబద్ద పెట్టుకున్న స్ట్రక్చర్డ్ ఇంటర్వ్యూకి 0.42 వచ్చింది. ఇష్టం వచ్చినట్టు సాగే ఇంటర్వ్యూకి 0.19. చేసే పనిలో ఓ ముక్కను చేయించి చూసే పరీక్షకు 0.33. రెజ్యూమెలో మనం మొదట వెతికే ‘ఎన్నేళ్ల అనుభవం’కి 0.07. ఇక్కడ ఒక హెచ్చరిక ఉంది. 0.42 మంచి అంకే అయినా, దాన్ని వర్గం చేస్తే 0.18 చుట్టూ తేలుతుంది. పనితీరులో మనిషికీ మనిషికీ ఉన్న తేడాల్లో అయిదో వంతు కూడా ఇంటర్వ్యూకి అందదన్న మాట. స్కోర్‌కార్డ్‌తో సరైన మనిషిని పట్టేస్తామని ఎవరైనా అంటే ఈ అంకె గుర్తు చేసుకోవాలి.

జేసన్ డానా, రాబిన్ డాస్, నథానియల్ పీటర్సన్ 2013లో ప్రచురించిన ప్రయోగం ఇంకా కొరుకుడు పడదు. విద్యార్థులు తోటి విద్యార్థులను ఇంటర్వ్యూ చేసి వాళ్లకు ఎన్ని మార్కులు వస్తాయో ఊహించాలి. కొన్ని ఇంటర్వ్యూల్లో ఎదుటివాళ్లు అవును, కాదు అనే జవాబులను ప్రశ్నతో సంబంధం లేకుండా ఒక యాదృచ్ఛిక సూత్రం ప్రకారం చెప్పారు. ఇంటర్వ్యూ చేసినవాళ్లకు అనుమానం రాలేదు. పైగా ఆ మనిషి గురించి తెలిసిందనే అనుకున్నారు. పాత మార్కులొక్కటే చూసి ఊహిస్తే వచ్చే ఫలితం కంటే, ఇంటర్వ్యూ కూడా చేసి ఊహించినది అధ్వానంగా వచ్చింది. ఎదుట కూర్చున్న మనిషి చుట్టూ కథ అల్లుకోవడానికి మనకు సరుకు పెద్దగా అక్కర్లేదు.

మన దగ్గర మొగ్గు ఎక్కడ దూరుతుంది

మన దేశంలో జరిగిన పని కూడా ఉంది, అది ఒకే మాట చెప్పదు. అభిజిత్ బెనర్జీ, మరియన్ బెర్ట్రాండ్, సౌగతో దత్తా, సెంధిల్ ముల్లైనాథన్ ఢిల్లీ ప్రాంతంలో వేర్వేరు కులాల పేర్లతో దరఖాస్తులు పంపి చూశారు. 2009లో ప్రచురించిన ఆ ఫలితాల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు పిలుపులు రావడంలో కులాన్ని బట్టి తేడా కనిపించలేదు. కాల్ సెంటర్ ఉద్యోగాల్లో మాత్రం కనిపించింది. ఎందుకై ఉంటుందో ఆలోచిస్తే మన విషయానికి దగ్గరగా వస్తాం. సాఫ్ట్‌వేర్ రెజ్యూమెలో నైపుణ్యాన్ని చూపే ముక్కలు గట్టిగా ఉంటాయి. కాల్ సెంటర్ పనిలో మాట తీరే ముఖ్యం, దాన్ని కాగితం మీద చూడలేం కాబట్టి పేరును బట్టి ఊహిస్తారు. ఇది నా ఊహ అయినా, కమ్యూనికేషన్ గడి మీద నా అనుమానాన్ని బలపరిచింది.

సురిందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ 2007లో పెద్ద సంస్థల హెచ్‌ఆర్ మేనేజర్లతో మాట్లాడి రాసిన వ్యాసంలో ఇంకో తలుపు కనిపిస్తుంది. మేము ప్రతిభనే చూస్తాం అని చెప్పినవాళ్లలో చాలామంది ‘ఫ్యామిలీ బ్యాక్‌గ్రౌండ్’ అడగడం తప్పనిసరి అన్నారు. మన ప్యానెళ్లలో దానికి తెలుగు రూపం ఉంది. ‘మీది ఏ ఊరమ్మా? నాన్నగారు ఏం చేస్తారు?’ బెరుకు పోగొట్టడానికే అంటాం. ఇంటిపేరు, ఊరు, నాన్న వృత్తి, ఈ మూడూ తెలిశాక తెలుగువాళ్లకు ఇక అడగాల్సింది ఏముంటుంది? ఆడపిల్లలకైతే పెళ్లి, నైట్ షిఫ్ట్, ఇంట్లో ఒప్పుకుంటారా అనేవి అదనం. పని వేళలు ఫలానా, వీలవుతుందా అన్న ఒకే ప్రశ్న అందరినీ అడిగితే సరిపోతుంది. తర్వాత మేము తయారుచేసుకున్న కొత్త కార్డులో, మొదటి పేజీలో ప్రశ్నల కంటే ముందు, అడగకూడనివి రాసుకున్నాం. బెరుకు పోవాలంటే ఈ గంటలో ఏం జరుగుతుందో ముందే చెప్పడం బాగా పనిచేస్తుంది.

టెస్టర్లకు ప్రత్యేకమైన ఇబ్బంది మరొకటి, కంఠస్థం. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో మాన్యువల్ టెస్టింగ్, సెలీనియం కోర్సులతో పాటు ఇంటర్వ్యూ ప్రశ్నల జిరాక్స్ కట్టలూ దొరుకుతాయి. సివియారిటీకి, ప్రయారిటీకి తేడా ఏమిటి? ఈ పెన్నును ఎలా టెస్ట్ చేస్తారు? లిఫ్టును ఎలా టెస్ట్ చేస్తారు? ఇవన్నీ అరిగిపోయిన రికార్డులు. గ్లెన్‌ఫోర్డ్ మైయర్స్ 1979లో తన పుస్తకం మొదట్లోనే పెట్టిన త్రిభుజం లెక్క ఒకప్పుడు అద్భుతమైన పరీక్ష. మూడు పూర్ణాంకాలు తీసుకుని అది ఏ రకం త్రిభుజమో చెప్పే ప్రోగ్రాంకు టెస్ట్ కేసులు రాయాలి. అనుభవమున్న ప్రోగ్రామర్లకే సగటున 14కు 7.8 వచ్చేవని ఆయన రాశాడు. ఇప్పుడు జవాబు అందరికీ తెలుసు. తెలిసిన జవాబుకు మార్కు వేస్తే మనం కొలిచేది కోచింగ్ ఫీజునే. పోనీ కోచింగ్ వాళ్లందరినీ పక్కన పెడదామా అంటే అదీ మొగ్గే. ఊళ్లో డిగ్రీ చదివి ఈ రంగంలోకి రావడానికి చాలామందికి ఉన్న దారి అదొక్కటే.

బగ్గుల నుంచి గడులు

గడులు ఎక్కడి నుంచి రావాలి? ఇంటర్‌నెట్‌లో దొరికే నమూనా నుంచి కాదు, మన టీమ్‌కు తగిలిన దెబ్బల నుంచి. జాన్ ఫ్లానగన్ 1954లో వివరించిన పద్ధతి ఇదే. పని బాగా జరిగిన ఘటనలు, చెడిన ఘటనలు పోగుచేసి, అక్కడ మనిషి నిజంగా ఏం చేశాడో రాసుకుని, వాటిలోంచి లక్షణాలు తీయాలి. టెస్టర్ల విషయంలో ఇది సులువు, ఎందుకంటే చెడిన ఘటనల చిట్టా టికెట్లలో రాసే ఉంటుంది.

మాది డబ్బు పంపే మొబైల్ యాప్ టీమ్. రెండు నుంచి నాలుగేళ్ల అనుభవమున్న టెస్టర్ కావాలి. గత ఆరు నెలల్లో మా కళ్లుగప్పి ప్రొడక్షన్‌లో బయటపడ్డ బగ్గుల్లో ఇరవై తీసుకుని, ప్రతిదాని దగ్గరా ఒకే ప్రశ్న వేసుకున్నాం: మంచి టెస్టర్ ఇక్కడ ఏం చేసి ఉండేవాడు? నెట్‌వర్క్ మందగించినప్పుడు ‘పే’ బటన్ రెండుసార్లు నొక్కితే రెండు చెల్లింపులు వెళ్లిన బగ్ ఉంది. అది ఎవరూ ఊహించలేదు. చరిత్ర తెరలో ఒకే చెల్లింపు రెండుసార్లు కనిపించిన బగ్ ఉంది. అది కనపడింది, కానీ ‘ఒక్కోసారి వస్తోంది’ అని రాసి వదిలేశారు. ఇంకోటి దొరికింది, రాశారు, డెవలపర్ ‘నా దగ్గర రావట్లేదు’ అని మూసేస్తే టెస్టర్ ఊరుకున్నాడు.

ఇరవై బగ్గులూ నాలుగు కుప్పలయ్యాయి. ఎక్కడ విరుగుతుందో ముందే ఊహించడం, కనపడినదాన్ని తరచి కారణం దగ్గరకు చేరడం, ఇంకొకరు మళ్లీ చేసి చూడగలిగేలా రాయడం, ఒత్తిడి వచ్చినప్పుడు ఆధారంతో నిలబడడం. అయిదో కుప్ప కోసం వెతికాం, దొరకలేదు. కమ్యూనికేషన్ అనే కుప్ప ఇరవై బగ్గుల్లో ఒక్కదాని నుంచీ రాలేదు. మాకు నిజంగా కావాల్సిన భాగం మూడో కుప్పలో, నాలుగో కుప్పలో ఉంది. యాస, ధారాళంగా మాట్లాడడం రెంటిలోనూ లేవు. విదేశీ క్లయింట్‌తో రోజూ కాల్‌లో మాట్లాడే ఉద్యోగమైతే దాన్నే నేరుగా పరీక్షించాలి. మూడు నిమిషాల్లో ఒక బగ్ గురించి చెప్పించి, ఏ బిల్డ్‌లో, ఏ అడుగు దగ్గర, ఏం జరిగింది అన్నది విన్నవాళ్లకు అందిందా లేదా అని చూడాలి. కొలబద్దలో ‘విన్నవాళ్లకు అందింది’ అని ఉంటుంది, ‘బాగా మాట్లాడింది’ అని ఉండదు.

కొలబద్ద రాయడమే అసలు పని, గంటలు పట్టేది కూడా ఇక్కడే. ప్రతి అంకెకు ఒక చేష్టను వర్ణించాలి. ఈ రకం కొలబద్దను ప్యాట్రీషియా స్మిత్, ఎల్.ఎం. కెండల్ 1963లో ప్రతిపాదించారు. మేము 1 నుంచి 5 దాకా పెట్టుకుని 1, 3, 5కు వర్ణన రాశాం. తరచి చూడడం అనే గడికి ఇలా వచ్చింది. చరిత్ర తెరలో చెల్లింపు రెండుసార్లు కనిపించే బిల్డ్ చేతికిస్తాం, సమయం ఇరవై నిమిషాలు. ‘డూప్లికేట్ వస్తోంది’ అని చెప్పి ఆగిపోతే 1. మళ్లీ మళ్లీ చేసి, నెట్‌వర్క్ నెమ్మదిగా ఉన్నప్పుడు వస్తోందని అడుగులతో సహా చూపిస్తే 3. ఒకసారికి ఒక్కటే మారుస్తూ పోయి, సర్వర్ పంపిన జవాబులోనే రెండు ఉన్నాయా, లేక ఒకటే వస్తే తెర రెండుసార్లు గీస్తోందా అని విడదీసి, ఇంకా తేలనిది ఏమిటో కూడా చెబితే 5.

మొదటి చిత్తుప్రతిలో 5 కింద ‘ఆత్మవిశ్వాసంతో వివరిస్తారు’ అని నేనే రాశాను. ఒక సహోద్యోగిని దాన్ని ఎర్ర పెన్నుతో కొట్టేసి, ‘ఇది వినికిడి, చూపు కాదు’ అని పక్కన రాసింది. అప్పటి నుంచి మా పరీక్ష ఒకటే: ఇంటర్వ్యూలో లేని మనిషి, రాసుకున్న నోట్సు మాత్రమే చదివి అదే అంకె వేయగలడా? వేయలేకపోతే ఆ వాక్యం పోవాలి. ఉత్సాహం, చురుకుదనం, టీమ్‌కు సరిపోవడం అన్నీ ఆ పూట పోయాయి.

ఇక గడులకు వెయిటేజీ. దీని మీద మీటింగుల్లో గంటలు పోతాయి, అనవసరం. రాబిన్ డాస్ 1979లోనే చూపించాడు: సరైన అంశాలు ఎంచుకుంటే చాలు, అన్నిటికీ సమాన బరువు ఇచ్చి కూడినా చాలా సందర్భాల్లో నిపుణుల అంచనా కంటే మెరుగ్గానే ఉంటుంది. మేము కూడేశాం, అంతే.

ఇద్దరు అభ్యర్థులు, ఒక ఖాళీ

ఒక ఖాళీకి చివరిదాకా వచ్చిన ఇద్దరి సంగతి చెబుతాను. మొదటి అమ్మాయి హైదరాబాద్‌లో పేరున్న ఇంజినీరింగ్ కాలేజీలో చదివింది, మాట ధారాళం. రెండో అబ్బాయి జిల్లా కేంద్రంలో బీఎస్సీ, పదో తరగతి దాకా తెలుగు మీడియం, అమీర్‌పేటలో కోర్సు, చిన్న సంస్థలో రెండున్నరేళ్లు. ప్యానెల్‌లో ఇద్దరం, నేనూ, డెవలపర్ల లీడూ. ప్రతి గడికీ ముందు విన్నది, చూసింది రాయాలి, తర్వాత అంకె. ఇద్దరి కాగితాలూ అందేదాకా అభ్యర్థి గురించి ఒక్క మాట మాట్లాడకూడదు. ఇది చిన్న నియమంలా కనిపిస్తుంది కానీ కార్డులో సగం బలం దీనిదే. ‘భలే ఉంది కదా?’ అని కారిడార్‌లో ఒక్క మాట పడితే రెండు కాగితాలు ఒకటైపోతాయి.

ఊహించడం, తరచడం, రాయడం, నిలబడడం అనే వరసలో అమ్మాయికి నేను 4, 3, 3, 4 వేశాను, మొత్తం 14. ఆయన 4, 2, 3, 4 వేశాడు, 13. అబ్బాయికి నేను 4, 5, 4, 2 వేశాను, 15. ఆయన 2, 5, 4, 2 వేశాడు, 13. మొదటి గడిలో మా ఇద్దరికీ రెండు మార్కుల తేడా ఉంది. రెండు లేక అంతకు మించి తేడా వస్తే నోట్సు పక్కపక్కన పెట్టుకోవాలని మా నియమం. ఆయన నోట్సులో ‘బౌండరీ వాల్యూ అనే మాట తెలియదు’ అని ఉంది. నా నోట్సులో ‘లక్ష రూపాయల పరిమితి దగ్గర 99,999, 1,00,000, 1,00,001 మూడూ కొట్టాడు, సున్నా, పైసలు కొట్టాడు, బటన్ రెండుసార్లు నొక్కాడు’ అని ఉంది. మాట రాదు, పని వచ్చు. కొలబద్ద అడిగింది పనిని. ఆయన 4కు మార్చాడు. పాత అంకె కొట్టేయకుండా, పక్కనే కొత్తది, కారణం రాశాం, ఎవరి అంకె ఎటు జరిగిందో తర్వాత చూసుకోవడానికి.

సగటు అమ్మాయికి 13.5, అబ్బాయికి 15. ప్రయోగంగా పాత ఫారం కూడా నింపి చూశాం. అందులో కమ్యూనికేషన్ అమ్మాయికి 9, అబ్బాయికి 5; ఓవరాల్ ఆమెకు 8, అతనికి 6. పాత లెక్కన చర్చే ఉండేది కాదు.

అలాగని కొత్త లెక్క తీర్పు చెప్పిందా? ఒక గడిలో ఇద్దరి మధ్యే రెండు మార్కుల తేడా వచ్చే కొలబద్ద మీద మొత్తంలో ఒకటిన్నర మార్కుల తేడాను పట్టుకుని వీళ్లు గొప్ప, వాళ్లు తక్కువ అనలేం. మొత్తాల తేడా రెండు కంటే తక్కువైతే వేరే బిల్డ్‌తో ఇంకో అభ్యాసం ఇవ్వాలని ముందే రాసుకున్నాం. తరచడం, రాయడం మాత్రమే, పదికి. ఇద్దరికీ 8 వచ్చింది. మొత్తం 21.5, 23. ముందే ఒప్పుకున్న సూత్రం ప్రకారం అబ్బాయిని తీసుకున్నాం, రెండు నెలల తర్వాత ఇంకో ఖాళీ వస్తే అమ్మాయినే పిలిచాం. ఇద్దరిలో అతనే మెరుగు అని నిరూపించమంటే నేను నిరూపించలేను.

ఈ కథలో మా తప్పు ఒకటి ఉంది, అది ఆలస్యంగా కనపడింది. అబ్బాయికి నాలుగో గడిలో ఇద్దరమూ 2 వేశాం. ప్రశ్న ఇది: రేపు సాయంత్రం రిలీజ్, మీ బగ్‌ను డెవలపర్ ‘రావట్లేదు’ అని మూసేశాడు, మీరేం చేస్తారు? డెవలపర్‌గా నటిస్తూ ఇంగ్లీషులో వాదించాం. అతను నెమ్మదించాడు. మా టీమ్‌లో అలాంటి వాదనలు నిజానికి ఏ భాషలో జరుగుతాయి? తెలుగులో, హిందీలో, మధ్యమధ్య ఇంగ్లీషులో. రోజువారీ పనిలో అక్కర్లేని భాషలో పరీక్ష పెట్టి, వచ్చిన తడబాటుకు ‘నిలబడడం’ అని పేరు పెట్టి మార్కు తగ్గించాం. ఇద్దరం కలిసి అదే అంకె వేశాం కాబట్టి నోట్సు పోల్చే నియమం కూడా దీన్ని పట్టలేదు. ఇద్దరికీ ఒకే మొగ్గు ఉంటే ఏకాభిప్రాయమే కనిపిస్తుంది. కమ్యూనికేషన్ గడిని తీసేశాం అనుకున్నాం, అది ప్రశ్నలో దాక్కుని తిరిగి వచ్చింది. ఇప్పుడు ఆ ప్రశ్నకు ఏ భాషలోనైనా జవాబు చెప్పొచ్చని అందరికీ ముందే చెబుతున్నాం. బగ్ రిపోర్ట్ మాత్రం ఇంగ్లీషులోనే రాయిస్తాం, ఎందుకంటే పనిలో అది నిజంగా ఇంగ్లీషులోనే రాయాలి.

కార్డు చెడిపోయిందని ఎలా తెలుస్తుంది

అన్నిటికంటే మామూలు జబ్బు, వెనక నుంచి నింపడం. ముందు తీసుకోవాలో వద్దో మనసులో తేల్చుకుని, దానికి తగ్గట్టు గడులు నింపుతారు. పట్టుకోవడం కష్టం కాదు. ఒక ప్యానెల్ సభ్యుడి చివరి ఇరవై కార్డులు వరసగా పెట్టండి. ప్రతి మనిషికీ నాలుగు గడుల్లో దాదాపు ఒకే అంకె ఉంటే, 4, 4, 4, 4 తర్వాత 2, 2, 2, 2 అని సాగుతుంటే అది థార్న్‌డైక్ చూసిన కాంతివలయమే. నిజమైన టెస్టర్లు అంత నున్నగా ఉండరు. బాగా ఊహించేవాళ్లు రాయడంలో బద్ధకిస్తారు, బాగా రాసేవాళ్లు గొడవంటే భయపడతారు. ఇంకో పరీక్ష, పేరు తీసేసిన నోట్సును వేరే వాళ్లకిచ్చి అంకెలు వేయమనడం. ఒకటికి మించి తేడా తరచూ వస్తుంటే నోట్సులో ఆధారం లేదని అర్థం.

రెండోది లీకేజీ. ప్రశ్న నాలుగుసార్లు వాడేసరికి వాట్సాప్ గ్రూపులకు చేరుతుంది. ముందు వచ్చినవాళ్లకు రెండు, తర్వాత వచ్చినవాళ్లకు అయిదు వస్తుంటే అభ్యర్థులు ఒక్కసారిగా తెలివిమీరారని మురిసిపోకూడదు. స్నేహితులున్నవాళ్లకు మేలు, ఒంటరిగా వచ్చినవాళ్లకు నష్టం. సమాన కష్టమున్న మూడు బిల్డులు పెట్టుకుని మారుస్తుండాలి. సమానమేనా అన్నది టీమ్‌లో ఉన్న టెస్టర్లతో ముందే చేయించి చూడాలి. ఈ పని చాలా బోరు, అందుకే ఎవరూ చేయరు.

మూడోది, అంకెలను అంకెలు చెప్పగలిగినదానికంటే ఎక్కువ చెప్పనివ్వడం. అమెరికాలో 1978 మార్గదర్శకాల నుంచి ఒక వాడుక లెక్క ఉంది: ఒక వర్గం ఎంపిక శాతం, ఎక్కువగా ఎంపికైన వర్గం శాతంలో అయిదింట నాలుగు వంతుల కంటే తగ్గితే పద్ధతిని అనుమానించాలి. మన టీమ్‌లకు ఇది నేరుగా పనికిరాదు. ఇరవైమంది మగవాళ్లలో పదిమంది, పదిమంది ఆడవాళ్లలో నలుగురు దాటారనుకోండి. యాభై శాతం, నలభై శాతం, నిష్పత్తి సరిగ్గా ఎనభై, గట్టెక్కాం. ఆ నలుగురిలో ఒకరు ఆ రోజు జ్వరంతో వచ్చి తప్పితే నిష్పత్తి అరవైకి పడిపోతుంది. ఒక్క మనిషితో ఇరవై పాయింట్లు ఊగే కొలతను మూడు నెలలకోసారి చూసి గుండెలు బాదుకోవడం, జబ్బలు చరుచుకోవడం రెండూ వృథా. రెండేళ్ల కార్డులు పోగయ్యాక, మొత్తాన్ని కాకుండా ఒక్కో గడినీ విడిగా చూస్తే ఉపయోగం ఉంటుంది. ఏ గడిలో ఒక వర్గం పదేపదే వెనకబడుతోందో అక్కడ ప్రశ్నను అనుమానించాలి, మా నాలుగో గడిని అనుమానించాల్సి వచ్చినట్టే.

కార్డు చేయి చేరని చోటు ఇంకా ఉంది. ఇంటర్వ్యూ గదిలోకి వచ్చేవాళ్లను ముందే ఎవరో వడగడతారు. బోస్టన్, చికాగోల్లో బెర్ట్రాండ్, ముల్లైనాథన్ పంపిన ఒకే రకం రెజ్యూమెల్లో తెల్లవాళ్లలో వాడుకైన పేర్లున్నవాటికి, నల్లజాతివారిలో వాడుకైన పేర్లున్నవాటి కంటే యాభై శాతం ఎక్కువ పిలుపులు వచ్చాయి (2004). మా దగ్గర మొదట్లో వడపోత కన్సల్టెన్సీ చేతిలో ఉండేది. ‘మూడేళ్ల అనుభవం, బీటెక్ మాత్రమే’ అనే రెండు షరతులు మేమే పెట్టాం. 0.07 అన్న అంకె చదివాక మొదటి షరతు పోయింది. రెండో షరతు తీయడానికి హెచ్‌ఆర్‌తో రెండు నెలలు పట్టింది. బదులుగా ఇరవై నిమిషాల రాత అభ్యాసం పెట్టాం: ఒక తెర బొమ్మ, అందులో కనిపిస్తున్న ఒక బగ్, దాని మీద రిపోర్ట్ రాయాలి. పేరు, కాలేజీ కనపడకుండా నంబరుతోనే దిద్దుతాం. మొదటి విడతలో వచ్చిన కాగితాల్లో రెండు ఒకే మాటలతో ఉన్నాయి. వాక్యాలే కాదు, అక్షర దోషాలు కూడా. నంబర్లు విప్పాక తెలిసింది, ఇద్దరూ ఒకే కోచింగ్ సెంటర్. ఇప్పుడు ఆ తెర బొమ్మ మార్చే పనిలో ఉన్నాం.